"ఏం కాదులే" అని రోజుకి పదిహేనుసార్లు చెప్తున్నా భయం పెరుగుతోందే గానీ తగ్గట్లేదు

చందమామ77
మా ఆయనకి మూడు నెలల కిందట దవడ కింద, మెడ పక్కగా బఠాణీ గింజంత బిళ్ళ చేతికి తగిలింది. డాక్టరు చూసి అల్ట్రాసౌండ్ తీయించారు. 8 మిల్లీమీటర్లు, మామూలు లింఫ్ గ్రంథే, జలుబు చేసినప్పుడు ఉబ్బింది, వదిలేయండి అన్నారు. రక్తపరీక్ష కూడా బాగుంది. ఆ రోజు ఆయన హుషారు చూడాలి. రెండు రోజులు ఉంది ఆ హుషారు. మూడో రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి "కొంచెం పెరిగినట్టుంది, ఒకసారి చూడు" అన్నారు. చూశాను, ఏం కాదులే అన్నాను. అప్పట్నుంచి అదే పాట. ఇప్పుడు నేను చెప్పిన ధైర్యం అరగంట కూడా నిలవట్లేదు. చెప్పకపోతే మొహం చూడలేం, చెప్తే ఇంకోసారి అడుగుతారు. నేనేం చెయ్యాలి?

గళ్ళచొక్కా
8 మిల్లీమీటర్లంటే ఎందుకైనా మంచిది ఎమ్మారై తీయించండి. లేదా ఇంకో డాక్టరుకి చూపించండి. అది బాగుందంటే ఆయనే కుదుటపడతారు.

తెల్లకోటు_రిటైర్డ్
గళ్ళచొక్కా గారూ, ఆవిడ అడిగింది బిళ్ళ గురించి కాదు, ప్రశ్న గురించి. మెడలో ఒక సెంటీమీటరు లోపు గ్రంథులు వెతికితే చాలామందికి దొరుకుతాయి. స్కాన్ చూసి డాక్టరు మామూలుదే అన్నాక మళ్ళీ ఎమ్మారై ఎందుకు?

గళ్ళచొక్కా
నష్టమేముంది? ఒక పరీక్ష ఎక్కువైతే మనశ్శాంతి.

తెల్లకోటు_రిటైర్డ్
నష్టం లెక్క చెప్తాను. ల్యాబు రిపోర్టులో "నార్మల్" హద్దులు ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో 95 మంది లోపల పడేలా గీస్తారు. అంటే నిక్షేపంగా ఉన్నవాడికీ ఒక్కో పరీక్షలో 5 శాతం హద్దు దాటే అవకాశం ఉంది. ఒకదానికొకటి సంబంధం లేని పరీక్షలు 20 చేయిస్తే, కనీసం ఒక్కటైనా "తేడా"గా వచ్చే అవకాశం 64 శాతం. 0.95ని 20 సార్లు గుణించి 1లోంచి తీసేయండి, అదే వస్తుంది. భయపడే మనిషి చేతికి ఎర్రగీత గీసిన కాగితం ఇచ్చి పంపితే మనశ్శాంతి వస్తుందా? ఆ ఎర్రగీతకి ఇంకో స్కాను, ఆ స్కానులో అసలు దేనికీ సంబంధం లేని చిన్న మచ్చ. అక్కడ కొత్త కథ మొదలు.

గడియారంముల్లు
చందమామ77 గారూ, మీ పోస్టులో అసలు సంగతి రెండు అంకెల్లో ఉంది. స్కాన్ ఇచ్చిన ధైర్యం రెండు రోజులు, మీ మాట ఇచ్చిన ధైర్యం అరగంట. ఈ తగ్గుదలే జబ్బు. ఇలాంటి జబ్బు భయాలకి చికిత్స చేయడమే నా పని, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

"ఏం కాదులే" అనగానే ఆయన భయం నూటికి 80 నుంచి 20కి పడుతుంది. ఒక్కసారిగా పడుతుంది, అందుకే మెదడు రుచి మరుగుతుంది. దద్దురు గోక్కుంటే ఆ క్షణంలో హాయిగా ఉన్నట్టే. కానీ అందులోంచి మెదడు నేర్చుకునే పాఠం "బిళ్ళ ప్రమాదం కాదు" అన్నది కాదు. "ప్రమాదం వచ్చింది, అడిగాను కాబట్టి తప్పించుకున్నాను" అన్నది. అడక్కుండా కూర్చున్నా ఆ భయం దానంతటదే దిగిపోతుందని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పుడూ రాలేదు. ప్రతిసారీ మధ్యలో మీ జవాబు అడ్డుపడింది.

ఇంకొకటి. ఆయన కోరేది నూటికి నూరుపాళ్ళ గ్యారంటీ. మీరు ఇవ్వగలిగేది 99. మిగిలిన ఒక్క పాలు పట్టుకుని భయం మళ్ళీ మొలుస్తుంది: "డాక్టరు తొందరలో ఉన్నాడేమో", "స్కానింగ్ పక్కగా తీశారేమో". మీరు ఎంత బాగా వాదిస్తే అంత కొత్త సందు దొరుకుతుంది. సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అనే ఇద్దరు 1986లోనే ఈ భరోసా చుట్టూ తిరిగే వలయం గురించి రాశారు. అప్పట్నుంచి దీని చికిత్సలో ధైర్యం చెప్పడం మందు కాదు, వ్యాధిలో భాగం అనే లెక్కలోనే పని చేస్తున్నాం.

పిట్టగోడ
అదే నేననేది. జవాబివ్వడం మానెయ్యండి. అడిగినప్పుడల్లా మౌనం, లేదా "నీ పిచ్చి నాకంటించకు" అని ఒక్క కసురు. వారంలో దారికొస్తారు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా.

గడియారంముల్లు
సగం కరెక్టు. జవాబు మానాలి, నిజమే. కానీ ఆయనతో ముందే మాట్లాడుకోకుండా హఠాత్తుగా మానితే ఆయన దాన్ని "తనకి తెలుసు, చెప్పలేకపోతోంది" అని చదువుకుంటారు. కసిరితే సిగ్గుపడి మీ దగ్గర మానేసి చెల్లెలికి ఫోన్ చేస్తారు. అడగడం ఆగదు, చోటు మారుతుంది.

నెమలీక
నాది గుండెదడ భయం. చేతి గడియారంలో నాడి చూసుకోవడం రోజుకి ఎన్నిసార్లో లెక్కే లేదు. 92 కనపడితే చాలు, చూసినందుకే 110కి ఎగబాకుతుంది. ఇది కూడా అదేనా?

తెల్లకోటు_రిటైర్డ్
అదే. కొలిచే పనే అంకెని పెంచుతోంది. రక్తపోటు పట్టీలో కూడా ఇదే నాటకం: మొదటిసారి కాస్త ఎక్కువ, రెండోసారి కంగారుతో ఇంకా ఎక్కువ, మూడోసారికి ఆంబులెన్స్.

పాతరేడియో
మా ఆఫీసులో ఒకాయన పడుకునే ముందు నాడి చూసుకుని, బాగుంటే ఆ సంతోషానికి మళ్ళీ చూసుకునేవాడు :)

చందమామ77
బిళ్ళ నిజంగానే ఇప్పుడు నొప్పిగా ఉందంటున్నారు. ముట్టుకుంటే కాస్త గట్టిగా కూడా ఉంది. అది ఊహ కాదు కదా?

గడియారంముల్లు
ఊహ కాదు, నిజమైన నొప్పే. రోజుకి నలభైసార్లు వేలితో గుచ్చితే ఏ గ్రంథైనా, దాని చుట్టూ ఉన్న కండైనా నొప్పి పెడుతుంది, కందుతుంది. పైగా వేలికొస మిల్లీమీటర్లు కొలిచే పనిముట్టు కాదు. మెడ కాస్త తిప్పితే పక్కనున్న పెద్ద కండరం బిగిసి గ్రంథి ఒకసారి పెద్దదిగా, ఒకసారి చిన్నదిగా తగులుతుంది. నిన్నటి జ్ఞాపకంతో ఇవాళ్టి స్పర్శని పోల్చి "పెరిగింది" అంటున్నారు. అలాంటి పోలికకి అర్థమే లేదు.

దీన్ని మాటల్లో నమ్మించకండి, అది మళ్ళీ ధైర్యం చెప్పడమే అవుతుంది. ఆయనే చేసి చూడాలి. ముంజేతి మీద ఏ భయమూ లేని చోట పెన్నుతో చుక్క పెట్టి, బిళ్ళని నొక్కినంత బలంతో, నొక్కినన్నిసార్లు ఒక రోజంతా నొక్కమనండి. సాయంత్రం అక్కడ ఏముందో రాయమనండి. మెడ రెండో పక్క మాత్రం చేయించొద్దు. అక్కడ కూడా మామూలు గ్రంథి ఒకటి తగలొచ్చు, మీకు రెండు బిళ్ళల సంసారం మొదలవుతుంది.

ఈలోపు మూడు రోజులు ఏమీ మార్చకుండా లెక్క మాత్రం రాయండి: ఎన్నిసార్లు తాకారు, ఎన్నిసార్లు అడిగారు, ఫోన్లో ఎంతసేపు వెతికారు.

అడ్డంపలుకు
లెక్క రాయడం కూడా చెక్ చేసుకోవడమే కదా?

గడియారంముల్లు
మంచి ప్రశ్న. అవుతుంది, బిళ్ళ సైజు రాస్తే. అందుకే సైజు, రంగు, నొప్పి ఆ లెక్కలో ఉండకూడదు. రాయాల్సింది ప్రవర్తన మాత్రమే, చేసిన ప్రతిసారీ ఒక గీత. అలవాటు తగ్గాక లెక్క కూడా ఆపేస్తాం.

చందమామ77
మూడు రోజుల లెక్క ఇదిగో. తాకడం 46, 39, 51. నన్ను అడగడం 14, 17, 15. ఫోన్లో రోజుకి గంట పైనే. చూసి ఆయనే నోరెళ్ళబెట్టారు, "ఓ పది ఉంటాయనుకున్నా" అన్నారు. ముంజేతి ప్రయోగం కూడా చేశారు. రాత్రికి చుక్క చుట్టూ ఎర్రగా ఉంది, నొక్కితే నొప్పి. కాసేపు నవ్వారు కూడా. ఆ తర్వాత "చేతి మీద గడ్డలు రావు కదా, మెడ సంగతి వేరు" అన్నారు.

పాతరేడియో
ఆ చివరి వాక్యానికి భయం తరఫు లాయరుకి నూటికి నూరు మార్కులు.

గడియారంముల్లు
ఆ వాక్యానికి జవాబు చెప్పకండి. "అవును, అలా అనిపిస్తుంది" అని వదిలేయండి. ప్రయోగం గెలవడానికి కాదు, చిన్న పగులు పెట్టడానికి.

ఇప్పుడు ప్లాను. ముందు డాక్టరు దగ్గర హద్దులు గీయించుకోండి, ఇది లేకపోతే మిగతాది నిలవదు. ఒకే డాక్టరు. తర్వాత చూడటం ఎప్పుడో తేదీ, ఉదాహరణకి ఆరు వారాలకి. ఆ మధ్యలో బిళ్ళని చేత్తో చూసే హక్కు డాక్టరుకే. తేదీకి ముందే వెళ్ళడానికి ఏ మార్పులు కారణమో కాగితం మీద రాయించుకోండి.

తెల్లకోటు_రిటైర్డ్
ఆ కాగితంలో నేనైతే ఇవి రాస్తాను: కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, తగ్గని జ్వరం, వేరే చోట కంటికి కనపడేంత వాపు. చూడండి, వీటిలో ఒక్కదానికీ వేలితో నొక్కే పని లేదు. ఇంకో మాట, కొత్త లక్షణం వస్తే చూపించుకోవడం తప్పు కాదు, భయస్థుడికీ జబ్బులొస్తాయి. తప్పల్లా అదే లక్షణానికి అదే ప్రశ్న.

గడియారంముల్లు
సరిగ్గా చెప్పారు. ఇక తాకడం. 45 నుంచి సున్నాకి ఒక్కరోజులో దూకమంటే చాలామంది మూడో రోజుకి పాత దారి పడతారు. వాయిదాతో మొదలు: తాకాలనిపించగానే 15 నిమిషాలు ఆగాలి, ఆ తర్వాత కూడా కావాలంటే తాకొచ్చు. మూడు నాలుగు రోజులయ్యాక గంట. ఆ తర్వాత రోజుకి ఒకసారి, పొద్దున 8కి, పది సెకన్లు. ఆపైన వారానికోసారి, ఆపైన లేదు. వాయిదాలో ముఖ్యమైన సంగతి, చాలాసార్లు 15 నిమిషాలయ్యేసరికి ఆ తపన దానంతటదే పోతుంది. అది ఆయనకి అనుభవంలో తెలియాలి.

తెల్లకోటు_రిటైర్డ్
ఇక్కడ నాకు అభ్యంతరం. నొక్కడం వల్ల నొప్పి వస్తోందని మీరే అన్నారు. అయితే గడువు పెట్టి నొక్కే అనుమతెందుకు? పూర్తిగా ఆపమనాలి. వారంలో నొప్పి పోతే అదే పెద్ద సాక్ష్యం.

గడియారంముల్లు
ఆపగలిగితే మీ దారే మేలు, త్వరగా పాఠం దొరుకుతుంది. ఆపలేక ఒకసారి తాకి, "పోయింది, అంతా చెడిపోయింది" అనుకునేవాళ్ళకి మెట్లు. ఎవరు ఏ రకమో మొదటి రెండు సిట్టింగుల్లో తేలుతుంది, ముందే చెప్పలేను.

నెమలీక
తాకాలనిపించినప్పుడు గట్టిగా గాలి పీల్చి వదలడం, నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టడం నాకు పనిచేస్తుంది. అది చేయించండి.

గడియారంముల్లు
పనిచేస్తుంది, అక్కడే చిక్కు. "ఊపిరి పీల్చాను కాబట్టి గట్టెక్కాను" అని మెదడు రాసుకుంటే అది ఇంకో "ఏం కాదులే" అయి కూర్చుంటుంది. ఊపిరి ఆడించడం తప్పని కాదు, భయాన్ని తరిమే ఆయుధంగా వాడకూడదు. భయం పక్కన కూర్చుని ఉండగానే బట్టలు మడతపెట్టుకోవడం, ఉత్తరం రాసుకోవడం, అలాంటిది కావాలి.

చందమామ77
నా వంతు? నేనేం అనాలి?

గడియారంముల్లు
ఆయన ప్రశాంతంగా ఉన్న సమయం చూసి ఇద్దరూ కలిసి ఒక వాక్యం ఖాయం చేసుకోండి. ఆయన ఒప్పుకోవాలి, ఆయన మాటల్లోనే ఉండాలి. ఉదాహరణకి: "ఇది భయం అడుగుతున్న ప్రశ్న. మనం అనుకున్నట్టు దీనికి జవాబు చెప్పను. పక్కనే ఉన్నాను." అంతే. రెండోసారి అడిగితే అదే వాక్యం, మూడోసారీ అదే. వివరణ లేదు, విసుగు లేదు.

ఏది సమాచారం, ఏది భరోసా అని తికమక వస్తే ఒక గుర్తు: ఆయనకి జవాబు ముందే తెలుసా? "తర్వాత డాక్టరు తేదీ ఎప్పుడు?" నిజంగా మర్చిపోతే చెప్పొచ్చు. "డాక్టరు ఏమన్నారో గుర్తుందా?" అన్నది వేషం మార్చుకొచ్చిన అదే ప్రశ్న.

మొదటి వారం అడగడం పెరగొచ్చు. 15 కాస్తా 25 కావచ్చు. అప్పుడు మీరు 24వసారి జాలిపడి "ఏం కాదులే" అంటే, 24సార్లు అడిగితే దొరుకుతుందని నేర్పినట్టే. దానికంటే మొదటిసారే చెప్పెయ్యడం తక్కువ నష్టం.

పిట్టగోడ
ఒకవేళ నిజంగానే ఆ బిళ్ళ... అనుమానం ఆవిడకే వస్తే?

గడియారంముల్లు
వస్తుంది. ఆ తేదీ, ఆ కాగితం ఆవిడ కోసం కూడా.

సీతాకోక22
వాయిదాతో, వాక్యంతో ఆపేస్తే సరిపోతుందా? భయం లోపల అలాగే ఉంటుందిగా?

గడియారంముల్లు
సరిపోదు, అందుకే రెండో భాగం ఉంది. ఆయన ఎప్పుడూ పారిపోయే వాక్యాన్ని ఆయన చేతే రాయిస్తాం: "ఈ బిళ్ళ ప్రమాదం కాకపోవచ్చు, కావచ్చు కూడా. ఎవరూ నాకు పూర్తి హామీ ఇవ్వలేరు. అది తెలియకుండానే ఇవాళ పని చేసుకుంటాను." దీన్ని అరపేజీకి పెంచి, రోజుకి ఒకసారి ఇరవై నిమిషాలు చదవాలి, లేదా తన గొంతుతో రికార్డు చేసి వినాలి. మొదటి రోజు గుండె దడదడలాడుతుంది. చాలామందికి వారం, పది రోజులకి విసుగొస్తుంది. మాకు కావాల్సింది ఆ విసుగే.

ఎక్కడ చెడుతుందంటే, చదివాక నోట్లోనే "కానీ స్కాన్ బాగుందిగా" అని చేర్చుకుంటారు. బయటికి వినపడదు, పని మొత్తం పాడుచేస్తుంది. అడగడం తగ్గినా భయం తగ్గకపోతే నేను మొదట వెతికేది ఇదే: మనసులో డాక్టరు మాటలు రీలులా తిప్పుకుంటున్నారా? స్నానం వంకతో తాకుతున్నారా? పాత రిపోర్టు ఫొటో ఫోన్లో దాచుకుని చూస్తున్నారా?

అడ్డంపలుకు
ఇదంతా వినడానికి బాగుంది. మరి ఫలితాలు? ఇంగ్లండులో టైరర్ బృందం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన అధ్యయనం చూశాను. ఆసుపత్రులకి వచ్చే, ఇలాంటి జబ్బు భయమే ఉన్న 444 మంది, 5 నుంచి 10 సిట్టింగులు. ఏడాదికి మామూలు స్థాయికి వచ్చినవాళ్ళు చికిత్స తీసుకున్నవాళ్ళలో 14 శాతం, తీసుకోనివాళ్ళలో 7 శాతం. రెట్టింపు అని గొప్పగా చెప్తారు, కానీ 86 శాతం రాలేదుగా.

గడియారంముల్లు
అంకె నిజమే, దాచాల్సిన పనిలేదు. "మామూలు స్థాయి" అన్నది గట్టి గీత. దానికి ఇవతలే ఆగినా రోజుకి 15 ప్రశ్నలు 2 అయినవాళ్ళుంటారు, ఆ తేడా ఇంట్లో తెలుస్తుంది. ఆ సిట్టింగులు నడిపినవాళ్ళు ఈ పని కొత్తగా నేర్చుకున్న నర్సులూ మిగతా సిబ్బందీ. అయినా అందరికీ పనిచేస్తుందని నేనూ అనను.

తెల్లకోటు_రిటైర్డ్
సిట్టింగులతో కదలకపోతే, లేదా దిగులు కూడా తోడైతే, భయానికీ దిగులుకీ వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు సైకియాట్రిస్టు ఇస్తారు. వారాలు పడుతుంది. ఈ జబ్బులో ఒక తమాషా, మందు అట్టపెట్టెలోని కాగితం చదివి, అందులోని దుష్ఫలితాలన్నీ మొదటి సాయంత్రమే అనుభవించి మానేస్తారు. అందుకే ఆ కాగితాన్ని డాక్టరుతో కలిసి ఒక్కసారి చదివి పక్కన పెట్టమంటాను.

సీతాకోక22
రాత్రి రెండింటికి ఏడుస్తూ లేచి అడిగితే కూడా ఆ వాక్యమేనా? ఒక్కసారి "బాగున్నావులే" అంటే కొంప మునుగుతుందా?

తెల్లకోటు_రిటైర్డ్
నేనైతే అంటాను. మనుషులం.

గడియారంముల్లు
నేనైతే అనను. చేయి పట్టుకుంటాను, "ఎంత భయంగా ఉందో కనపడుతోంది" అంటాను. భయాన్ని గుర్తించడం వేరు, బిళ్ళ గురించి తీర్పు చెప్పడం వేరు. రాత్రి రెండింటికి దొరికే జవాబుకి రుచి ఎక్కువ, మర్నాడు కూడా సరిగ్గా ఆ టైముకే మెలకువ వస్తుంది. కానీ ఒక్కసారి నోరు జారితే తొమ్మిది రోజుల పని కొట్టుకుపోదు, తెల్లారి మళ్ళీ వాక్యం దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు.

చందమామ77
పదకొండో రోజు. వాక్యం మొదలుపెట్టాక మూడో రోజు అడగడం 27 అయింది, మీరన్నట్టే. నిన్న 6. తాకడం వాయిదా గంటకి వచ్చింది. మధ్యలో ఒక పొద్దున వంటింట్లో పనిలో ఉండి అలవాటుగా "ఏం కాదులే" అనేశాను, ఆయనే "అది అనకూడదు" అని గుర్తుచేశారు. కానీ ఇప్పుడు కొత్తది వచ్చింది. నేను వాక్యం చెప్పేటప్పుడు నా కళ్ళలోకే చూస్తున్నారు. "ఇవాళ చెప్పేటప్పుడు నీ మొహం నిన్నటిలా లేదు, ఎందుకు?" అంటున్నారు.

పాతరేడియో
మొహం అల్ట్రాసౌండు!

గడియారంముల్లు
మొహం చూడటం కూడా అడగడమే. దానికి లెక్కలో ఇంకో గీత పెట్టండి. వాక్యం చెప్పేటప్పుడు మీరు చేస్తున్న పని ఆపకండి, ఆయన వైపు తిరగకండి. "ఎందుకు?" అన్నదానికీ అదే వాక్యం.